పంతులుగారికి ఏం పెట్టాలి?

మా రాయపూర్‌లో తెలుగువాళ్లకి పంతులుగారంటే ఒక్కరే. సొంతూళ్లో అయితే శుభానికి ఒకరు, అశుభానికి ఇంకొకరు ఉంటారు. పెళ్లి చేయించిన పంతులు చావుకి రాడు, చావుకి వచ్చినాయన పెళ్లిపందిరి ఛాయలకి రాడు. ఇక్కడ అంత భోగం ఎక్కడిది? బారసాలైనా ఈయనే, పదో రోజైనా ఈయనే. ఒక్క రాయపూరే అయితే సరేలే అనుకోవచ్చు. ఇటు దుర్గ్, భిలాయి, డోంగర్‌గఢ్. అటు బిలాస్‌పూర్, రాయగఢ్. రైలు కట్ట పక్కన తెలుగు రైల్వే కుటుంబం ఉన్న చోటల్లా ఆయన కోసం ఎదురుచూసేవారు. నెలలో సగం రోజులు ఆయన రైల్లోనే ఉండేవారు. భార్యాభర్తలిద్దరే. వ్యాగన్ రిపేరు కాలనీ దాటాక రెండు గదుల అద్దెయిల్లు.

ఆయన ప్రయాణం ఎలా ఉండేదో చూసినవాళ్లకే తెలుస్తుంది. కుడి భుజానికి పెద్ద గుడ్డసంచి. అందులో ఇత్తడి చెంబులు, పంచపాత్ర, హోమానికి కొయ్య గరిటెలు, నెయ్యి గిన్నె, పుస్తకాలు, పీట, నాలుగు నూలు పంచెలు. నాలుగెందుకంటే వానాకాలంలో ఉతికి ఆరేసిన పంచె తెల్లారేసరికి ఆరి చావదు, తడిదాన్ని మూట కడితే మడి మాట దేవుడెరుగు, వాసనేస్తుంది. ఇది వెళ్లేటప్పటి సంగతి. తిరిగొచ్చేటప్పుడు ఇంకా తమాషా. మనవాళ్లకి పంతులుగారిని ఉత్తచేతుల్తో పంపడం నామోషీ కదా! స్వయంపాకం ఇస్తారు. బియ్యం, పప్పు, కూరలు, వాటి మీద ఒక గుమ్మడికాయ. గుమ్మడికాయ లేని స్వయంపాకం స్వయంపాకమే కాదు మా వాళ్లకి. దాంతోపాటు దానమని ఇత్తడి బిందె ఒకటి. ఇవన్నీ మోసుకుని ఆ మనిషి జనరల్ బోగీలో తలుపు దగ్గర నిలబడి రావాలి. ఒకసారి స్టేషన్‌లో నా కళ్లారా చూశాను. ఓవర్‌బ్రిడ్జి మెట్ల మీద మూడు మెట్లకోసారి ఆగి, గుమ్మడికాయ మెట్టు మీద పెట్టి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ చంకనెత్తుకుంటున్నారు. ఇచ్చినవాళ్లని అప్పుడు నేను లోపల్లోపల బాగా తిట్టుకున్నాను. ఏ ఇంట్లోవాళ్లయినా అలాగే ఇస్తారు లెండి, మేమూ అలాగే ఇచ్చేవాళ్లం.

మేము ఊరి శివార్లలో, మందిర్ హసౌద్‌లో ఇల్లు కట్టుకున్న ఏడాది ముహూర్తం పెట్టించడానికి ఆయన్ని పిలిచాం. పంచాంగం చూసి రోజు చెప్పి, కాఫీ గ్లాసు ఎడంచేత్తో అందుకుంటూ నెమ్మదిగా అన్నారు:

"మీ గృహప్రవేశం చేయించేస్తాను తల్లీ. ఆ తరవాత కార్తీకం వెళ్లిపోగానే ఇంక మానేస్తాను. కుడి భుజం పైకి లేవటం లేదు. నరం నలిగిందట, బరువు మొయ్యకూడదని డాక్టరు గట్టిగా చెప్పేడు. బొబ్బిలి దగ్గర మా బావమరిది ఉన్నాడు, అక్కడికి వెళ్లిపోతాం."

నా గుండె జారింది. నాకంటే ముందు మా అత్తగారికి జారింది. గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మనిషి చేతిలో కాయ అలాగే పట్టుకుని ఉండిపోయింది.

మా అత్తగారి సంగతి చెప్పాలి. పెళ్లయ్యాక శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి మా మావగారి వెనకాల ఇక్కడికి వచ్చింది. ఇన్నేళ్లయినా హిందీ ఆవిడ నోటికి పట్టలేదు. కూరగాయలవాడితో కూడా తెలుగులోనే బేరమాడేది, వాడే తెలుగు నేర్చుకున్నాడు. మా మావగారు పోయినప్పుడు భోరున వాన. పట్టాల మీద నీళ్లు నిలిచి రైళ్లు ఆగిపోతే, ఈ పంతులుగారు బిలాస్‌పూర్ నుంచి బొగ్గు లారీ పట్టుకుని వచ్చి, పన్నెండు రోజులూ ఇంటి మనిషిలా మా వెంటే ఉన్నారు. ప్రతి మంత్రానికీ అర్థం తెలుగులో చెప్పి, ఇది ఎందుకు చేస్తున్నామో, మా మావగారు ఏ దారిన వెళ్తున్నారో ఆవిడకి విడమరిచి చెప్పారు. ఆ రోజు నుంచి ఆవిడకి ఒకటే కోరిక.

"నాను పోయిన నాడు నా తలకాడ తెలుగు మాట ఇనపడాల. ఈ బాబే సెప్పాల. ఇంకెవుల్నో తెచ్చి గబగబా నాలుగు ముక్కలు సదివించి పంపించేసేరా, దెయ్యమై వొచ్చి పీక పిసికేస్తాను," అనేది.

నవ్వుతూనే అనేది గాని ఆ మాట ఉత్తమాట కాదు. పంతులుగారు వెళ్లిపోయాక ఆ రాత్రి ఆవిడ పడుకునే ముందు, "ఈయన ఎల్లిపోతే నా గతేటే?" అంది. వెళ్లిపోకుండా చూద్దాంలే అత్తా అన్నాను. ఎలాగో నాకే తెలియదు.

మర్నాడు పంతులుగారింటికి భుజానికి రాసే తైలం పట్టుకుని వెళ్లాను. వాళ్ల రెండో గది తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. వెనకాల ఇత్తడి బిందెలు, గంగాళాలు, పళ్లేలు ఒకదాని మీద ఒకటి, పైకప్పుదాకా. పంతులుగారి భార్య తల కొట్టుకుంది.

"వీటితో నేనేం చెయ్యనమ్మా? ఇద్దరికి అన్నం వండుకునే గిన్నె ఇంతే. ఆయన ఎవర్నీ వద్దనరు. పెట్టేవాళ్ల మనసు చిన్నబుచ్చకూడదంటారు. మొహమాటంతో మనిషి భుజం పోయింది."

తిరిగొస్తూ దారంతా ఒకటే ఆలోచన. గృహప్రవేశానికి ఈయనకి ఏం పెట్టాలి? మనం పెట్టేది ఆయన మోసేదిగా కాక ఆయన్ని మోసేదిగా ఉండాలి కదా. తేలిగ్గా ఉండాలి, నాలుగేళ్లు చిరక్కుండా ఉండాలి, రైల్లో పనికిరావాలి. ఇంటికొచ్చి ఇదే మాట అంటే మా అత్తగారు గయ్యిమంది.

"ఇల్లు కట్టి పంతులికి తేలికపాటిది పెడతావేటి? సేతికి బరువు తగలాల! కొట్ల గంగాళానికి ఎప్పుడో సెప్పేసేను నాను. నలుగురూ ఏటనుకుంటారు?"

"నలుగురూ మొయ్యరు కదత్తా, ఆయన మోస్తారు," అన్నాను.

"ఓలమ్మో, నోరు సూడు!" అని విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

ఇక మా ఆయన. వ్యాగన్ల రిపేరులో పని చేసినవాడికి లోకంలో ఏ కష్టానికైనా చక్రాలే మందు. సిల్‌తారాలో తెలిసిన ఫ్యాక్టరీ నుంచి మిగిలిన ఇనప గొట్టాలు తెచ్చి, పెరట్లో కూర్చుని వెల్డింగు పెట్టించి, సామాను లాక్కుపోయే బండొకటి తయారుచేశాడు. రంగు కూడా వేశాడు. నేను ఎత్తి చూడబోతే నా నడుం కలుక్కుమంది.

"అచ్చం మీ వ్యాగనే," అన్నాను.

"మజ్‌బూత్‌గా ఉండొద్దేటి? పదేళ్లు గ్యారంటీ!" అన్నాడు, మీసం దువ్వుకోవడం ఒక్కటే తక్కువ.

ఆ శనివారం పంతులుగారు రాయగఢ్ వెళ్తూ, గృహప్రవేశానికి కావలసిన సరుకులు చెప్పడానికి మా ఇంట దిగారు. మా ఆయన ఉత్సాహం పట్టలేక బండిని గబగబా లాక్కొచ్చి, హ్యాండిల్ ఆయన చేతికివ్వబోయాడు. పంతులుగారు పాము కనపడ్డట్టు రెండడుగులు వెనక్కి వేశారు.

"నాయనా, నాయనా! ఇనుము చేతికివ్వకు. అందులోనూ శనివారం!"

అంతే, మా ఆయన మొహం మాడిపోయింది. ఇనుము, ఉప్పు, నూనె మనవాళ్లు చేతికి చెయ్యి అందించరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. వెల్డింగు ధ్యాసలో పడి మర్చిపోయాడు మహానుభావుడు! నాకు నవ్వాగలేదు. పంతులుగారు కూడా నవ్వేసి, మా ఆయన మనసు కష్టపెట్టకూడదని, "కింద పెట్టు నాయనా, చూస్తాను," అన్నారు. చూసి, జాలిగా అన్నారు, "బాగుంది. కానీ ఓవర్‌బ్రిడ్జి మెట్ల మీద దీన్ని కూడా నేనే ఎత్తాలి కదా."

ఈ గోలలో ఆయన తన సంచి గుమ్మంలో దింపి కాళ్లు కడుక్కోవడానికి నూతి దగ్గరకి వెళ్లారు. దారికడ్డంగా ఉందని మా అత్తగారు ఆ సంచిని పక్కకి పెడదామనుకుంది. ఒంటిచేత్తో పట్టుకుంది, కదల్లేదు. రెండు చేతులూ వేసి, మోకాలు ఆన్చి లాగింది. నేల మీద ఇంత జరిగిందంతే. ఆవిడ అలాగే గడపమీద కూలబడింది. నేను పరుగెత్తుకెళ్లాను పడిపోయిందేమోనని. పడలేదు. సంచి వంక చూస్తూ ఉంది.

పంతులుగారు తిరిగొచ్చేసరికి ఆవిడ కళ్లల్లో నీళ్లు.

"ఈ కొండ మోసుకుని రాయగఢ్ ఎల్తన్నావేటి బాబూ? మాకోసమేటి? మా తద్దినాలకీ, మా పెల్లిల్లకీ ఇదా మోస్తన్నావు ఇన్నాల్లూ?"

"అలవాటేనమ్మా," అన్నారాయన.

"అలవాటేటి, నా తలకాయ! ఇందల నాను పెట్టిన బిందె కూడా ఉండే ఉంటాది," అని కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగింది. "గంగాళం వొద్దే. నువ్వు సెప్పినట్టే కానీ. తేలిగ్గా ఉండేవి ఏటేటి ఉంటాయో నాకూ సెప్పు."

మా అత్తగారు ఒక పట్టాన మాట మార్చుకునే మనిషి కాదు. మార్చుకుందంటే ఇక ఆవిడకంటే ముందు ఎవరూ పరిగెత్తలేరు. మర్నాడే నన్ను గోల్ బజార్‌కి బయల్దేరదీసింది. అక్కడ ఒక బ్యాగుల దుకాణంలో రెండు భుజాలకీ తగిలించుకునే సంచులు చూశాం. ఒక్క భుజం మీద పడే బరువు రెండింటికీ పంచుకుంటుందని నా ఉద్దేశం. దుకాణందారు ఇంకో మెట్టు పైకి వెళ్లాడు. నడుముకి కట్టుకునే వెడల్పాటి పట్టీ ఉన్నది తీసి, నా నడుముకే బిగించి చూపించాడు.

"దీదీ, యే కస్‌కే బాంధో. భుజాలకి తక్కువ, నడుముకి ఎక్కువ," అని, పట్టీ గట్టిగా బిగించి కట్టాలని హిందీ, సైగలూ కలిపి చెప్పాడు. లోపల రెండు ఇటుకలేవో పెట్టి ఉంచాడు, పట్టీ బిగించగానే భుజాలు నిజంగానే తేలికపడ్డాయి. నేను దుకాణంలో అటూ ఇటూ నడిచాను. మా అత్తగారు మెట్లున్నాయేమో చూసి, "మెట్లెక్కి సూడు," అంది. ఎదురు దుకాణం మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాను, చూసేవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ.

సంచి నైలాన్‌ది. తడిస్తే తుడిస్తే చాలు. అడుగున చిన్న జేబులో మడిచిపెట్టిన వానతొడుగు, లాగి పైన కప్పేయొచ్చు. కుట్లు రెండు వరసలు. అన్నీ బాగున్నాయి గాని జిప్పు లాగే చోట చిన్న తోలు ముక్కలు వేలాడుతున్నాయి. పంతులుగారికి తోలు ఎలా ఇస్తాం? ఇంటికి తెచ్చి ఆ ముక్కలన్నీ బ్లేడుతో కోసి పారేసి, వాటి స్థానంలో పసుపు రాసిన నూలు దారం పేని కట్టాను. అది ఆయనకి చెప్పలేదు. చెప్పేటంత గొప్ప పనీ కాదు.

పంచెల సంగతి మా అత్తగారే తేల్చింది. "పట్టుకి మడి దోసం లేదు కదే. రోజూ తడపక్కర్లేదు. సన్నపాటి పట్టుపంచె ఒకటి కొందాం, శుభకార్యాలకి అదే కట్టుకుంటాడు. తద్దినాలకి నూలుది ఒకటి ఉంటే సాలు." నాలుగు పంచెలు రెండైపోయాయి, అందులో ఒకటి పిడికిట్లో పట్టేసేది. రాగిది ఒక చిన్న చెంబు, అందులో ఇమిడే పంచపాత్ర, ఉద్ధరిణి చూసి తీసుకున్నాం. పీటకి బదులు చుట్టచుట్టుకునే ఉన్ని ఆసనం. మొత్తం కలిపి నేను ఒంటిచేత్తో ఎత్తి మా ఆయనకి చూపించాను. ఆయన తన ఇనపబండిని గ్యాసు సిలిండరు లాగడానికి పెట్టుకున్నాడు. దానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది.

గృహప్రవేశం రోజు చుట్టాలంతా వచ్చారు. పళ్లెంలో పట్టుపంచె, రాగి చెంబు, ఆసనం, పక్కన సంచి. మా ఆడపడుచు నా చెవిలో అననే అంది, "ఇంతిల్లు కట్టి పంతులుగారికి ఇస్కూల్ సంచి ఇస్తారేటి వొదినా?" ఆ మాట మా అత్తగారి చెవిన పడింది. నలుగుర్లోనూ గొంతెత్తి,

"పోయి ఆ బాబు పాత సంచి ఎత్తి సూడవే. ఎత్తినాక మాటాడు," అంది.

మా ఆడపడుచు ఎత్తి చూసింది. మాట్లాడలేదు.

అసలు చిక్కు అక్కడ కాదు. పంతులుగారు నీళ్లు వదిలించి దానం పుచ్చుకున్నాక, తన పాత సంచిలోని పెద్ద ఇత్తడి సామాన్లు చూసి, "ఇవి నాకు తప్పవు కదమ్మా. కలశానికి, హోమానికి కావాలి. సంచి తేలికైనా సామాను తేలికవదు," అన్నారు. నిజమే. ఇంత చేసి ఆయన బొబ్బిలి వెళ్లిపోతారా అని భయం వేసింది. మా అత్తగారు మాత్రం తడుముకోలేదు.

"బాబూ, ఎవులేనా ఇత్తడి సామాను దానమిచ్చి, నువ్వు పుచ్చుకున్నాక అది ఎవులిది?"

"నాదేనమ్మా."

"నీది నువ్వెక్కడ పెట్టుకుంటే ఎవులికేటి? మా ఇంట్ల పెట్టుకో. ఇటేపు పనికొస్తే ఇక్కడివి వాడు. బిలాస్‌పూరోల్లు ఇచ్చింది బిలాస్‌పూర్ల ఉంచు, రాయగఢోల్లది రాయగఢ్‌ల. స్వయంపాకం పుచ్చుకుని, ఆ ఊర్ల ఎవులో లేనోల్లకి నీ సేత్తోనే ఇచ్చేయ్. ఇచ్చినోల్లకి పున్నెం, నీకు పున్నెం. గుమ్మడికాయ మాత్రం రైలెక్కకూడదు."

పంతులుగారు శాస్త్రంలో ఎక్కడైనా అడ్డుందేమోనని వెతుక్కుంటున్నట్టున్నారు. దొరకలేదు కాబోలు. మెల్లిగా సంచి ఎత్తి తగిలించుకున్నారు. నడుముపట్టీ బిగించడం మా ఆయన చూపించాడు. ఆ నుదుటి విభూతికీ, ఆ పిలకకీ, వెనక ఆ నీలంరంగు సంచి! చుట్టాల పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఈ వయసులో బడికి పంపిస్తున్నారమ్మా నన్ను," అని ఆయన కూడా సిగ్గుపడుతూ నవ్వారు. గదిలో నాలుగడుగులు వేశారు. ఇటు తిరిగారు. మళ్లీ నాలుగడుగులు వేశారు. అప్పుడు నవ్వు ఆగిపోయింది ఆయన మొహంలో. "నొప్పి లేదు తల్లీ," అన్నారు.

ఆ కార్తీకం వెళ్లిపోయింది, ఆయన బొబ్బిలి వెళ్లలేదు. ఈ ఏడాది చూస్తాను అన్నారు, పై ఏడాదీ అదే మాట. మా ఇంటి అలమరలో ఆయన ఇత్తడి సామాను ఒక అరంతా ఉండేది. దాన్ని మేము ముట్టుకునేవాళ్లం కాదు, పండగకి తోమడానికి తప్ప. రాయగఢ్‌వాళ్లు మొదట్లో మూతి ముడిచారట. తరవాత వాళ్లే ఆయనకి చేతిలో ఇమిడే టార్చిలైటు ఇచ్చారు, తెల్లవారుజాము రైళ్లకి. ఎవరికి వాళ్లు ఆయన రైలెక్కే మనిషని గుర్తుంచుకుని పెట్టడం మొదలెట్టారు. అదొక్కటి చాలు నాకు. దేవుడు వాళ్లని చల్లగా చూడాలి.

ఆ తరవాతి శ్రావణంలో మా అత్తగారు పోయింది. తెల్లవారి లేపితే లేవలేదు, నిద్రలోనే. ఏ బాధా పడలేదు, ఆ మాటకి దేవుడికి దండం పెట్టుకోవాలి. కానీ పంతులుగారు ఆ రాత్రి పెళ్లి చేయించడానికి రాయగఢ్ వెళ్లి ఇంకా అక్కడే ఉన్నారు. మా ఆయన ఫోను చేశాడు. "నేను వచ్చేదాకా ఎత్తకండి నాయనా. సూర్యాస్తమయంలోపు వచ్చేస్తాను," అని పంతులుగారు పెట్టేశారు.

వాన మొదలైంది. మధ్యాహ్నం అయింది. చుట్టుపక్కలవాళ్లు, మంచివాళ్లే, మా కోసమే తొందరపడ్డారు. పక్క వీధిలో హిందీవాళ్ల పండిట్‌జీ ఉన్నాడు, పిలిపిద్దాం, పొద్దు వాలితే ఎలా అని. ఆయనా మంచివాడేనట. మా ఆయన నా మొహం చూశాడు. నేను మా అత్తగారి మొహం చూశాను. "ఇంకాసేపు," అన్నాను. మళ్లీ అడిగారు, మళ్లీ అదే అన్నాను. రాయగఢ్ నుంచి రైలు ఆలస్యమని ఎవరో చెప్పారు. నేను ఆవిడ తల దగ్గరే కూర్చుండిపోయాను.

పొద్దు ఇంకా ఉండగానే వీధి మలుపులో ఆయన కనిపించారు. బస్సు దిగి బురదలో నడిచి వస్తున్నారు, దాదాపు పరిగెడుతున్నారు. రెండు చేతులూ ఖాళీ. వీపు మీద సంచి, దాని మీద వానతొడుగు. నేను ఏడుస్తూ ఎదురెళ్లాను.

"స్టేషన్ నుంచి ఇంటికి పోకుండా ఇటే బస్సెక్కేశానమ్మా. మునపటిలా అయితే సామాను ఇంట్లో పడేసి రావలసిందే, పొద్దు పోయేది," అన్నారు, ఊపిరి అందకుండానే.

నూతి దగ్గర స్నానం చేసి, సంచిలోంచి నూలుపంచె తీసి కట్టుకున్నారు. పొడిగా ఉంది. దర్భలు పొడిగా ఉన్నాయి. మా అలమర తెరిచి తన ఇత్తడి చెంబు తనే తీసుకున్నారు. మా ఆయన్ని కూర్చోబెట్టి మంత్రం మొదలుపెట్టబోయి, ఆగారు. తల దగ్గరకి వచ్చి, వంగి, ఆవిడ చెవి దగ్గర మామూలు గొంతుతో, పక్కింటి మనిషితో చెప్పినట్టు, "అమ్మా, నేనే. వచ్చేశాను. భయపడకు, దారి చెబుతాను, విను," అన్నారు.